తలుపుకు మూడు నిమిషాలు

చొక్కా ఇస్త్రీకి పది రూపాయలు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇంచుమించు ఇదే రేటు. కొన్నిచోట్ల ఎనిమిది, పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో పన్నెండు, పదిహేను. ఇచ్చేవాళ్ళు ఈ పది రూపాయలు బట్ట ముడతలు పోగొట్టినందుకు అనుకుంటారు. తీసుకునేవాళ్ళ లెక్క వేరు. చెయ్యి తిరిగినవాళ్ళకు చొక్కా బల్ల మీద ఉండేది మూడు నిమిషాలే. ఎనిమిదో అంతస్తుకు వెళ్ళి బెల్లు కొట్టి, లోపలివాళ్ళు వచ్చేదాకా నిలబడి, బట్టలు లెక్కపెట్టుకుని కిందికి రావాలి. రేపు అవే బట్టలు పట్టుకుని మళ్ళీ పైకెళ్ళి, ‘చిల్లర లేదు, సాయంత్రం రా’ అనిపించుకుని దిగాలి. ఆ రెండు రాకపోకలకు పట్టే సమయం ఇస్త్రీకి పట్టిన సమయానికి రెండింతలు.

అపార్ట్‌మెంట్ ఇస్త్రీ వ్యాపారంలో లాభమైనా నష్టమైనా తేలేది ఇక్కడే. ఇస్త్రీ పెట్టె దగ్గర సంపాదించినదంతా తలుపుల దగ్గర కరిగిపోకుండా చూసుకోవాలి. ఎన్ని బట్టలు చేశారన్న ప్రశ్నకు ఎంత విలువ ఉందో, ఎన్నిసార్లు తలుపు తట్టారన్న ప్రశ్నకూ అంతే విలువ ఉంది.

పాత రోజుల్లో ఈ చిక్కు లేదు. ఊళ్ళో రజకుల కుటుంబానికి బట్టకింత అని ఎవరూ ఇచ్చేవారు కాదు. ఇంటికింత అని, పంట ఇంటికొచ్చే వేళ కళ్ళం దగ్గర ధాన్యం కొలిచేవారు. దాన్ని మేర అనేవారు. ఆ మేర చాలేదా, మర్యాదగా అందేదా అన్నది వేరే కథ, సుఖమైన కథేమీ కాదు. లెక్క మట్టుకు ఇంటిని బట్టి ఉండేది కాబట్టి, ఇంటికి వెళ్ళిరావడం అందులోనే కలిసిపోయేది. పట్నం వచ్చి చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నాక లెక్క బట్టకు మారింది. అయినా నష్టం రాలేదు. బట్టల మూట పట్టుకుని బండి దగ్గరికి వచ్చేది గిరాకీలే. నడక ఖర్చు వాళ్ళదే. అపార్ట్‌మెంట్లు లేచాక బండివాళ్ళు సెల్లార్‌లోకి మారారు, గిరాకీ లిఫ్టెక్కి పైకి వెళ్ళిపోయింది. నడక బండివాళ్ళ మీద పడింది, రేటేమో బట్టకింత అన్న చోటే నిలిచిపోయింది.

ఈ సంగతి తేలాలంటే ఒక కమ్యూనిటీని తీసుకుని కాగితం మీద లెక్క వెయ్యాలి. హైదరాబాద్ పడమటి వైపు ఎక్కడ చూసినా కనిపించే తరహాదే అనుకుందాం. మూడు బ్లాకులు, బ్లాకుకు పన్నెండు అంతస్తులు, అంతస్తుకు ఆరు ఫ్లాట్లు. మొత్తం 216 ఫ్లాట్లలో 78 ఇళ్ళు ఇస్త్రీకి వేస్తాయి, అంటే బ్లాకుకు 26. ఇంటికి వారానికి పదమూడు బట్టలు: ఆఫీసు చొక్కాలు, ప్యాంట్లు, పిల్లల యూనిఫాంలు, ఒకటో రెండో చుడీదార్లు, అప్పుడప్పుడు చీర. వారానికి వెయ్యి బట్టల పైమాటే. రోజుకు 170. సెల్లార్‌లో అసోసియేషన్ ఇచ్చిన చిన్న గది, రెండు బల్లలు, రెండు కరెంటు ఇస్త్రీ పెట్టెలు, పనిచేసేది భార్యాభర్తలు.

బట్టకు మూడు నిమిషాల చొప్పున వారానికి 51 గంటల ఇస్త్రీ. ఇద్దరూ పంచుకుంటే ఇది మోయలేని పని కాదు. మోయలేనంతగా చేసేది రెండో పద్దు.

మామూలుగా జరిగేదేమిటంటే, ఎవరికి ఎప్పుడు తోస్తే అప్పుడు ఫోన్ చేస్తారు. ‘అన్నా, బి-904, బట్టలు తీసుకెళ్ళు.’ పది నిమిషాలకు సి బ్లాకు నుంచి ఇంకొకరు. సాయంత్రానికి ఎ బ్లాకులో ఇవ్వాల్సినవి ఉంటాయి. ఇంటింటికీ వారానికి రెండుసార్లు బట్టలు తేవాలి, రెండుసార్లు ఇచ్చి రావాలి. మొత్తం 312 తలుపులు. బ్లాకులు మారడం, లిఫ్టు కోసం ఎదురుచూడటం, తాళం వేసి ఉంటే మళ్ళీ రావడం అన్నీ కలిపి తలుపుకు సగటున నాలుగు నిమిషాలు వేసుకున్నా వారానికి దాదాపు 21 గంటలు. ఇద్దరిలో ఒకరు మూడు రోజులకు పైగా బల్ల ముట్టుకోకుండా తిరుగుతూనే ఉన్నట్టు లెక్క.

అదే పనిని రోజుల ప్రకారం కట్టుకుంటే? ఎ బ్లాకుకు సోమ, గురువారాలు. బి బ్లాకుకు మంగళ, శుక్రవారాలు. సి బ్లాకుకు బుధ, శనివారాలు. సోమవారం ఎ బ్లాకుకు వెళ్ళినప్పుడు గురువారం తెచ్చిన బట్టలు ఇచ్చేసి, అదే తలుపు దగ్గర కొత్తవి తీసుకోవాలి. ఇచ్చే పనీ తెచ్చే పనీ ఒకే తలుపులో కలిసిపోతాయి. 312 తలుపులు 156 అవుతాయి. ఫలానా రోజు ఫలానా వేళకు వస్తారని తెలుసు కాబట్టి మూట సిద్ధంగా పెడతారు, కొందరు గుమ్మం బయటి చెప్పుల స్టాండు మీదే ఉంచుతారు. తలుపుకు మూడు నిమిషాలు సరిపోతాయి. వారం మొత్తానికి ఎనిమిది గంటలు. మిగిలిన పదమూడు గంటల్లో గంటకు ఇరవై చొప్పున 260 బట్టలు చెయ్యొచ్చు. పది రూపాయల రేటున అది వారానికి 2,600 రూపాయలు. కొత్త గిరాకీ దొరకకపోయినా, పదమూడు గంటల విశ్రాంతి తక్కువేం కాదు.

బ్లాకు లోపల తిరగడానికీ ఒక పద్ధతి ఉంది. రౌండు ఎప్పుడూ పై అంతస్తు నుంచి మొదలవ్వాలి. ఇవ్వాల్సిన బట్టలన్నీ రెండు పెద్ద సంచుల్లో అంతస్తుల వరసన సర్దుకుంటారు. కిందికి వచ్చేకొద్దీ ముందు కావలసినవి పైకి తగలాలి కాబట్టి ఒకటో అంతస్తువి అడుగున, పన్నెండోవి పైన. లిఫ్టులో ఒకేసారి పైకెళ్ళి, మెట్ల మీదుగా ఒక్కో అంతస్తూ దిగుతారు. ఇస్త్రీ చేసినవి తగ్గుతుంటాయి, చెయ్యాల్సినవి పెరుగుతుంటాయి, బరువు దిగువకే నడుస్తుంది. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు పిలిస్తే పన్నెండుసార్లు ఎదురుచూడాలి. ఇస్త్రీ అయినవీ కానివీ ఒకే సంచిలో వేస్తే మళ్ళీ ఇస్త్రీ చెయ్యాల్సిందే, అందుకే రెండు సంచులు వేరువేరు రంగుల్లో పెట్టుకుంటారు.

వేళ కూడా ముఖ్యమే. ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదింటి దాకా లిఫ్టులు స్కూలు పిల్లలవి, ఆఫీసులవి. ఆ సమయంలో మూటతో లిఫ్టెక్కితే పనీ సాగదు, మాటా పడాలి. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే పసిపిల్లలు నిద్రపోయే ఇంట్లో బెల్లు కొట్టినట్టవుతుంది. పది నుంచి పన్నెండు లోపు ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఉంటారు, లిఫ్టులూ ఖాళీ. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళు మటుకు ఈ వేళకు దొరకవు. బ్లాకుకు ఐదారు ఇళ్ళు ఇలాంటివి ఉంటాయి. వాటన్నిటినీ ఒక చిట్టీలో రాసుకుని రాత్రి ఏడున్నర తర్వాత ఒకే చుట్టులో ముగించాలి. లేకపోతే ఆ ఐదారు తలుపులే రోజంతా తినేస్తాయి.

రోజులు కట్టాక మొదట పేచీ వచ్చేది యూనిఫాంల దగ్గర. శనివారం సాయంత్రం విప్పిన యూనిఫాం ఆదివారం ఉతికితే సోమవారం పొద్దున్నే కావాలి. సి బ్లాకువాళ్ళకు మళ్ళీ మనిషి వచ్చేది బుధవారం. ‘మా పిల్లాడు ముడతల చొక్కాతో స్కూలుకెళ్ళాలా?’ అని అడిగితే జవాబు లేదు. దీనికి ఆదివారం మధ్యాహ్నం యూనిఫాంల రౌండు ఒకటి వేరుగా పెట్టుకోవాలి. దానికి ఇంటింటికీ తిరగనక్కర్లేదు. మూడింటికల్లా తెచ్చి బ్లాకు లాబీలోని బల్ల మీద పెడితే ఎనిమిదింటికి అక్కడే తీసుకోవచ్చని చెబితే చాలు. ఒక్క చోట ముప్పై జతలు దొరుకుతాయి, తలుపు ఖర్చు సున్నా. అసోసియేషన్ ఒప్పుకుంటేనే సుమా. లాబీలో మూటలు కనిపిస్తే కమ్యూనిటీ పరువు పోతుందనుకునే కమిటీలు తక్కువేం లేవు.

ఇక ధర. నిమిషాన్ని కొలతగా పెట్టుకుంటే ధరలు వాటంతటవే తేలతాయి.

రోజు ప్రకారం వెళ్ళిన ఇంట్లో సగటున ఆరేడు బట్టలు. ఇస్త్రీకి ఇరవై నిమిషాలు, తలుపుకు మూడు, రాబడి 65 రూపాయలు. నిమిషానికి మూడు రూపాయలకు కాస్త తక్కువ. ఫోన్ చేసినప్పుడల్లా వెళ్ళే పద్ధతిలో అదే మూటకు రెండుసార్లు తలుపు తట్టాలి కాబట్టి ఎనిమిది నిమిషాలు చేరి, నిమిషం విలువ రెండు రూపాయల ముప్పై అయిదు పైసల దగ్గరికి పడిపోతుంది. నాలుగు బట్టలకే పిలిస్తే సరిగ్గా రెండు రూపాయలు. ‘అర్జెంటు, ఒక్క చొక్కా’ అన్నప్పుడు ఇస్త్రీకి మూడు, రాకపోకలకు ఎనిమిది, మొత్తం పదకొండు నిమిషాలకు పది రూపాయలు. నిమిషానికి రూపాయి కూడా పడదు.

అందుకే అర్జెంటు చొక్కాకు ముప్పై రూపాయలు అడగడం దోపిడీ కాదు, మిగతా బట్టల మీద వచ్చే నిమిషపు కూలికి సమానం చేయడం మాత్రమే. చాలామందికి ఈ మాట చెప్పే ధైర్యం ఉండదు. ముప్పై అంటే మొహం చిట్లిస్తారని భయం. దానికి సులువైన దారి ఇంకోటుంది: గదికి తెచ్చి ఇచ్చి, పది నిమిషాలు నిలబడి పట్టుకెళ్తే పది రూపాయలే, పైకొచ్చి తీసుకెళ్ళి తెచ్చివ్వాలంటే ముప్పై. ఈ రెండు రేట్లనూ గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటిస్తే వాదన సగం తగ్గుతుంది. తొందర నిజమైనవాళ్ళు లిఫ్టు దిగి వస్తారు.

కనీస లెక్క కూడా ఇందులోంచే పుడుతుంది. రోజు ప్రకారం వెళ్ళే ఇంట్లో కనీసం ఐదు బట్టలు ఉండాలనీ, లేకపోతే వచ్చే రోజుకు కలపమనీ అడగొచ్చు. ఐదు బట్టలకు నిమిషానికి రెండు రూపాయల ఎనభై పైసలకు దగ్గరగా వస్తుంది. పన్నెండు బట్టలైతే మూడు రూపాయలు దాటుతుంది. ఎక్కువ వేసేవాళ్ళకు తగ్గింపు ఇవ్వగలిగేది ఈ తేడాలోంచే. నెలకు 60 బట్టలు, ముందుగా కట్టే డబ్బు 550 అనే ప్యాకేజీని చూడండి. విడిగా అయితే 600. యాభై రూపాయలు వదులుకున్నా, రోజు ప్రకారం తొమ్మిది తలుపులతో పని అయిపోతుంది కాబట్టి నిమిషానికి రెండు రూపాయల అరవై ఆరు పైసలు మిగులుతాయి. ఫోన్ చేసినప్పుడల్లా పరుగెత్తి పూర్తిగా 600 వసూలు చేసినా అంత రాదు.

కానీ ప్యాకేజీలో లెక్క లేకుండా ‘ఎన్నైనా వేసుకోండి’ అంటే మునిగినట్టే. మొదటి నెల చొక్కాలే వస్తాయి. రెండో నెల నుంచి దుప్పట్లు, దిండు గలీబులు, వంటింటి తువ్వాళ్ళు, చివరికి కర్టెన్లు దిగుతాయి. 60 అంటే 60 అని, చీర రెండున్నర బట్టల కింద, డబుల్ దుప్పటి రెండింటి కింద అని ముందే రాసుకోవాలి. చీర అలా ఎందుకంటే అయిదున్నర మీటర్ల గుడ్డ అది. మామూలు నూలు చీరకు ఏడెనిమిది నిమిషాలు, గంజి పెట్టినదైతే పది. ఇరవై అయిదు, ముప్పై రూపాయలు అడిగితే నిమిషం లెక్క సరిపోతుంది. లినెన్ చొక్కా మామూలు చొక్కాకు రెట్టింపు సమయం తీసుకుంటుంది. పిల్లల బట్టలు చిన్నవి కదా అని సగం రేటు అడుగుతారు. కుచ్చుల గౌను ఇస్త్రీ చేసినవాళ్ళకు తెలుసు, అది నాన్న చొక్కా కంటే ఎక్కువ సతాయిస్తుంది. చిన్న బట్టకు తక్కువ ధర అన్నది బట్టల కొట్టులో చెల్లుతుంది, ఇస్త్రీ బల్ల దగ్గర చెల్లదు.

ఈ రేట్లతో నెలకు 26 రోజులు, 4,400 బట్టలు అనుకుంటే 44,000 రూపాయలు వస్తాయి. ఖర్చుల్లో పెద్దది గది అద్దె. అసోసియేషన్ నాలుగు వేలు తీసుకుంటుందనుకుందాం. కవర్లు, చీటీలు, గంజి, నీళ్ళు చల్లే సీసాలు కలిపి పన్నెండు వందలు. కరెంటు అనుకున్నంత కాదు. వెయ్యి వాట్ల పెట్టె రోజంతా ఆన్‌లో ఉన్నట్టే కనిపించినా, వేడి సరిపోగానే థర్మోస్టాట్ దాన్ని ఆపేస్తుంటుంది. రెండు పెట్టెల మీద కలిపి ఎనిమిదిన్నర గంటల పనికి రోజుకు ఆరు యూనిట్లు వేసుకోవచ్చు. నెలకు 150 యూనిట్లు, పది రూపాయల చొప్పున పదిహేను వందలు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి రజకుల లాండ్రీలకు, ధోబీ ఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ప్రకటించింది. ఆ మీటరు దుకాణానిదై ఉండాలి. సెల్లార్‌లో అసోసియేషన్ ఉమ్మడి మీటరు నుంచి తీగ లాగించుకున్న గదికి ఆ మేలు అందే దారి కనబడదు. వేరే మీటరు పెట్టించుకోవడానికి కమిటీని ఒప్పించగలిగితే నెలకు పదిహేను వందలు మిగిలినట్టే. ఖర్చులన్నీ పోను ఇద్దరి కష్టానికి చేతికొచ్చేది 37,000 చిల్లర.

ఇందులోంచి ఒక్క మంచి చొక్కా కాలినా, పోయినా ఆ రోజు కూలి పోయినట్టే. పోవడమే ఎక్కువ, కాలడం తక్కువ. అన్నిటికంటే ప్రమాదకరమైనది స్కూలు యూనిఫాం. ఒకే కమ్యూనిటీలో ఒకే స్కూలుకు వెళ్ళే పిల్లలు నలభైమంది ఉంటే, ఒకే రంగు, ఒకే బ్యాడ్జి, దాదాపు ఒకే సైజు చొక్కాలు నలభై బల్ల మీద చేరతాయి. తెల్ల చొక్కాలదీ ఇదే తంతు. పూర్వం ఈ ఇబ్బందికి నల్లజీడి గింజ మందు. దాని రసంతో బట్ట మూల మీద చుక్కలో గీతలో పెట్టి సున్నం అద్దితే నల్లగా పట్టేసి, ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఇప్పుడు కాలరు లోపల నల్ల మరక కనిపిస్తే ఎవరూ ఊరుకోరు. దాని బదులు ఫ్లాటు నంబరు రాసిన చిన్న గుడ్డముక్కను పిన్నీసుతో గుండీ కాజాకు తగిలిస్తారు. గుండీ లేని బట్టకైతే అంచు కుట్టులోకి దారం ఎక్కించి కడతారు. ఆ గుర్తు తలుపు దగ్గరే పడాలి. గదికి తెచ్చాక చూద్దాం అనుకుంటే అప్పటికే మూడు మూటలు కలిసిపోయి ఉంటాయి.

లెక్క కూడా తలుపు దగ్గరే, ఇంట్లోవాళ్ళ ఎదుటే. ‘ఏడు, అక్కా. చొక్కాలు నాలుగు, ప్యాంట్లు రెండు, చున్నీ ఒకటి’ అని పైకి చెప్పి పుస్తకంలో రాసి, ఆ పేజీని ఫొటో తీసి వాళ్ళ వాట్సాప్‌కు పంపితే అరనిమిషం పని. చాకలి పద్దు అని ఎగతాళిగా అంటారు గానీ, ‘ఎనిమిది ఇచ్చాను, ఏడే వచ్చాయి’ అనే తగాదాకు ఆ పద్దే ఆధారం. మూట గుమ్మం బయట పెట్టి తలుపు వేసుకునే ఇళ్ళల్లో ఈ అవకాశం ఉండదు. అక్కడ తీసుకున్న వెంటనే మెట్ల మీదే లెక్కపెట్టి ఫొటో పంపాలి. అక్కడ ఆలస్యమైతే వాళ్ళ లెక్కే లెక్క అవుతుంది.

కాలడం సంగతికొస్తే, బట్ట మాడటానికి ముందే చెబుతుంది. నూలు బట్ట లేత పసుపుకు తిరిగితే వేడి మించినట్టు. పాలిస్టర్ ప్యాంటు మీద మెరుపు చార వచ్చిందంటే పోగులు కరిగి అణిగిపోయాయని, ఆ మెరుపు ఇక పోదు. ముదురు రంగు ప్యాంట్లను తిరగేసో, పైన తడిగుడ్డ పరిచో చేసేది అందుకే. పెట్టె సాఫీగా జారకుండా పట్టేస్తోందంటే అడుగున కరిగిన సింథటిక్ అంటుకుని ఉంది. దాన్ని తుడవకుండా తెల్ల చొక్కా ఎత్తుకుంటే గోధుమరంగు మరక ఖాయం. నూలుకు దాదాపు రెండు వందల డిగ్రీల వేడి కావాలి, సింథటిక్‌కు నూట పది నుంచి నూట యాభై లోపు చాలు. పెట్టె వేడెక్కడం తొందరగా జరుగుతుంది, చల్లారడం ఆలస్యం. కాబట్టి రోజు పనిని సింథటిక్‌తో మొదలుపెట్టి, పట్టు మీదుగా నూలుకు, లినెన్‌కు వెళ్తే పెట్టె చల్లారేదాకా కూర్చునే పని ఉండదు. ఒక్కో ఇంటి మూట విప్పి పూర్తిచేసే అలవాటున్నవాళ్ళు రోజుకు చాలాసార్లు వేడి పెంచుతూ దించుతూ ఉంటారు, కాలేది అప్పుడే. గుర్తు ముందే కట్టి ఉంటే మూటల్ని విడదీసి గుడ్డను బట్టి పేర్చుకోవచ్చు. పద్దు సరిగ్గా రాసినవాళ్ళకు బట్టలు కాలడం తగ్గడంలో ఉన్న రహస్యం ఇదే.

బొగ్గుల పెట్టెను చాలామంది పెద్దవాళ్ళు ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఐదారు కిలోల బరువే సగం పని చేస్తుంది, మడత నిలుస్తుంది. నిజమే. కానీ గాలి ఆడని సెల్లార్‌లో బొగ్గు పొగ ఒంటికి మంచిది కాదు, గ్యాసు పెట్టె పెడితే సిలిండరు భయం. ఏ అసోసియేషనూ రెండింటినీ ఒప్పుకోదు. అవి ఆరుబయటి బండికి చెందిన సాధనాలు.

తలుపు ఖర్చు ఎంత నిర్దయగా ఉంటుందో భార్యాభర్తల గది కంటే పెద్ద పెట్టుబడితో దిగిన కంపెనీలు ఇంకా గట్టిగా తెలుసుకున్నాయి. లాస్ ఏంజెలిస్‌లో 2013లో మొదలైన వాషియో అనే లాండ్రీ సంస్థ ఫోన్‌లో నొక్కిన వెంటనే మనిషిని ఇంటికి పంపేది. ఆ మనుషుల్ని నింజాలనేవారు, బట్టలతోపాటు బిస్కెట్టు కూడా ఇచ్చేవారు. కోటి డాలర్లకు పైగా పెట్టుబడి వచ్చినా 2016 ఆగస్టులో మూతపడింది. దాని గిరాకీని కొనుక్కున్న శాన్‌ఫ్రాన్సిస్కో సంస్థ రిన్స్ పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఎప్పుడు పడితే అప్పుడు కాదు, రాత్రి ఎనిమిది నుంచి పది లోపే వస్తాం అనేది దాని నియమం. అందరూ ఇంట్లో ఉండే ఆ రెండు గంటల్లో ఒక వీధిలోని ఇళ్ళన్నీ ఒకే చుట్టులో అయిపోతాయి.

ఇదే లెక్కను హైదరాబాద్ రోడ్ల మీద పరిచి చూడొచ్చు. బైకు మీద తిరిగే కుర్రాడికి నెలకు 18,000 జీతం, పెట్రోలు కలిపితే గంటకు 110 రూపాయలు పడుతుందనుకుందాం. మియాపూర్‌లో ఒకటి, కొండాపూర్‌లో ఒకటి, మణికొండలో ఒకటి అంటూ చెల్లాచెదురుగా ఉంటే ట్రాఫిక్‌లో గంటకు నాలుగు ఇళ్ళు దాటవు. ఇంటికి ఇరవై ఏడు రూపాయల చిల్లర. తేవడానికి, ఇవ్వడానికి కలిపి ఒక ఆర్డరుకు 55. పన్నెండు బట్టల ఆర్డరుకు 120 రూపాయలు వస్తే దాదాపు సగం రోడ్డు మీదే పోయింది, ఇంకా ఇస్త్రీ మొదలవ్వలేదు. అదే కుర్రాడు ఒక్క కమ్యూనిటీలో గంటకు పదిహేను ఇళ్ళు చేస్తే ఆర్డరుకు పదిహేను రూపాయలు. అందుకే తెలివైన కంపెనీలు నగరమంతా ప్రకటనలు వెయ్యడం మానేసి, ఒక్కో కమ్యూనిటీతో ఒప్పందం కుదుర్చుకుని వారానికి ఫలానా రెండు రోజులు అని గేటు దగ్గర బోర్డు పెడుతున్నాయి. సెల్లార్ దంపతులు చేతి పుస్తకంతో చేస్తున్న పనే అది.

ఉతికి ఇస్త్రీ చేసి ఇస్తారా అని అడిగేవాళ్ళు పెరుగుతున్నారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఉతకడానికి ఖర్చు బరువును బట్టి: నీళ్ళు, సబ్బు, యంత్రంలో చోటు అన్నీ కిలోల లెక్కే. ఇస్త్రీ ఖర్చు బట్టల సంఖ్యను బట్టి. రెండింటినీ కలిపి కిలోకు ఇంత అని ఒకే ధర చెబితే గిరాకీ తెలివైన పని చేస్తుంది. రెండు జీన్సు ప్యాంట్లు వేస్తే కిలో దాటుతుంది, ఇస్త్రీకి ఏడెనిమిది నిమిషాలు. పసిపిల్లల బట్టలు కిలోకు పదీ పన్నెండూ తూగుతాయి, ఇస్త్రీకి అరగంట. ధర ఒకటే. జీన్సు ఇంట్లో ఉతుక్కుని పిల్లల బట్టలు కిలో లెక్కన పంపుతారు. ఉతుకు కిలోల్లో, ఇస్త్రీ బట్టల్లో అని వేరువేరుగా చెప్పడమే దీనికి మార్గం. దానితోపాటు వానాకాలంలో సెల్లార్‌లో బట్టలు ఎక్కడ ఆరాలి, బోరు ఉప్పునీళ్ళకు తెల్లవి మసకబారితే ఎవరిది బాధ్యత అన్న ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. అందుకే చాలా గదులు ఉతుకు జోలికి పోకుండా, డ్రై క్లీనింగ్ బట్టలు మాత్రం తీసుకుని బయటి దుకాణానికి పంపి కమీషన్ తీసుకుంటాయి. తలుపు ఎలాగూ తట్టారు కాబట్టి అదనపు రాబడికి అదనపు నడక లేదు. కింది దుకాణం నుంచి పాలు తెమ్మనడం, కొరియర్ పైకి చేర్చమనడం లాంటి చిన్న పనులకూ ఇదే సూత్రం. రౌండులో కలిసేవైతే పనిలో పనిగా ఐదో పదో తీసుకుని చెయ్యొచ్చు. దానికోసం వేరుగా లిఫ్టెక్కాల్సి వస్తే అర్జెంటు చొక్కా రేటే దానికీ.

పక్క కమ్యూనిటీ నుంచి పిలుపు వచ్చినప్పుడు కూడా ఇదే కొలబద్ద పనికొస్తుంది. పక్కనున్నది అరవై విల్లాలు అనుకుందాం. లిఫ్టులు లేవు, కానీ ఇంటికీ ఇంటికీ మధ్య నడక ఉంది, గేటు దాటి లోపలికి వెళ్ళాలి, కుక్కను కట్టేసేదాకా ఆగాలి. తలుపుకు మూడు నిమిషాలు కాదు, ఆరు. పది రూపాయల రేటుకు ఏడేసి బట్టలే ఇస్తే నిమిషానికి రెండు రూపాయల అరవై పైసలు వస్తాయి, ఉన్న గిరాకీ కంటే తక్కువ. పన్నెండు రూపాయల రేటు, ఇంటికి కనీసం పదిహేను బట్టలు, వారానికి ఒక్కసారే అని మాట్లాడుకుంటే నిమిషానికి మూడు రూపాయల యాభై పైసలు దాటుతుంది. విల్లాల్లో చీరలూ ఎక్కువే కాబట్టి ఇంకాస్త పెరగొచ్చు. కాకపోతే అరవైలో ఇరవై అయిదు ఇళ్ళు ఒప్పుకున్నా వారానికి 375 బట్టలు, 21 గంటలకు పైగా పని. రోజులు కట్టుకోవడం వల్ల మిగిలిన పదమూడు గంటలు దానికి చాలవు. మూడో మనిషిని పెట్టుకుని నెలకు పదిహేను వేలు ఇస్తే, విల్లాల నుంచి వచ్చే పంతొమ్మిది వేల చిల్లరలో చేతికి మిగిలేది నాలుగు వేలు. అదే పన్నెండు ఇళ్ళే ఒప్పుకుంటే 180 బట్టలు, పది గంటల చిల్లర. ఉన్న ఇద్దరే చేసుకోవచ్చు, నెలకు తొమ్మిది వేలకు పైగా అంతా చేతికే.